వెనక వరసకు అందే మాట

(తుఫాను రోజుల్లో ఊళ్లలో పనిచేసే యువతీ యువకుల శిక్షణ శిబిరంలో, బడి ఆవరణలో, మైకు లేకుండా చేసిన ప్రసంగం పాఠం)

ఓ... వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లో...! వినపడుతోందా?

(వెనక నుంచి: వినపడుతోందక్కా!)

మంచిది. ఇప్పుడు నేను మీ చేత ఒక పని చేయించాను, గమనించారా? ముందు పిలిచాను. తర్వాత ఒక్క మాటే అడిగాను. మీరు జవాబిచ్చేదాకా ఆగాను. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ మూడింట్లోనే ఉంది. గొంతు పెంచడం గురించి అడుగుతారని నాకు తెలుసు, అది కూడా చెబుతాను. కానీ ఆరుబయట మాట దూరం పోవాలంటే ముందు మార్చుకోవాల్సింది గొంతును కాదు, వాక్యాన్ని.

నేను అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో, 1990ల మొదట్లో, నెల్లూరు జిల్లాలో కళాజాత బృందంతో తిరిగినదాన్ని. రోజుకు మూడు నాలుగు ఊళ్లు. రచ్చబండ దగ్గర, రావిచెట్టు కింద, బస్టాండు ముందు, ఎక్కడ జనం ఉంటే అక్కడ. మైకు సెట్టు ఉన్న రోజుల కంటే లేని రోజులే ఎక్కువ. ఉన్నా కరెంటు ఉండేది కాదు. మీ పని ఇంకా కష్టమైనది. తుఫాను వచ్చేముందే కరెంటు తీసేస్తారు, సెల్ టవర్లు పడిపోతాయి, గుడి మైకు మూగబోతుంది. అప్పుడు నాలుగైదు వందల మందికి ఒక మాట చేరాలంటే మీ నోరే దిక్కు. మాది నాటకం. మాట తప్పిపోతే జనం నవ్వి ఊరుకునేవాళ్లు. మీ మాట తప్పిపోతే ఊరుకునేది కాదు.

మాట ఎందుకు తప్పిపోతుందో ముందు నా అనుభవంలోది ఒకటి చెబుతాను.

ఒక ఊళ్లో వానలు పడి వాగు పొంగింది. కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లు. మేం ఆ రోజు అక్కడే చిక్కుకుపోయాం. సాయంత్రం సంత విడిచారు, జనం ఇళ్లకు మళ్లుతున్నారు. నేను ఎడ్లబండి మీదెక్కి గట్టిగా అరిచాను, "వాగు దారిన వెళ్ళకండి, వాగు దారిన వెళ్ళకండి" అని. నా గొంతు అప్పుడు చాలా గట్టిది. ముందున్నవాళ్లు ఆగారు. వెనకున్నవాళ్లలో ఒక పెద్దాయన సైకిలు తిప్పుకుని నేరుగా వాగు దారి పట్టాడు. ఆయన వెనక ఇంకో నలుగురు. నేను ఇంకా గట్టిగా అరిచాను, వాళ్లు ఇంకా తొందరగా నడిచారు. చివరికి గాజులమ్ముకునే ఆవిడ ఒకామె పరుగెత్తి సైకిలు పట్టుకుని ఆపింది. తర్వాత ఆ పెద్దాయన నాతో అన్నాడు, "నువ్వే కదమ్మా వాగు దారిన వెళ్ళండి అన్నావు!"

ఆయన తప్పేం లేదు. నేను అన్నది "వెళ్ళకండి." ఆయన చెవిన పడింది "వెళ్ళండి." మధ్యలో "క" ఒక్కటే తేడా. ఆ "క" డెబ్బై అడుగులు దాటలేదు.

ఎందుకు దాటలేదు? మన మాటలో అచ్చులకు బలం ఎక్కువ, హల్లులకు స్పష్టత ఎక్కువ. ఆ, ఏ, ఓ లాంటి అచ్చులు నోరు తెరిచి పలుకుతాం, అవి బరువుగా పోతాయి. క, త, ప, స లాంటి హల్లులు క్షణంలో వచ్చి పోయే చిన్న చప్పుళ్లు. గాలి హోరులో, జనం గుసగుసలో ముందు మునిగిపోయేవి అవే. కానీ ఏ మాట ఏదో తేల్చేవి కూడా అవే. అందుకే దూరంగా ఉన్నవాడికి మీ గొంతు వినపడుతుంది, మాట మాత్రం వినపడదు. "ఏదో అరుస్తున్నారు" అంటాడు. గొంతు ఇంకా పెంచితే అచ్చులే పెరుగుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి. కేకపెట్టిన కొద్దీ మాట ఇంకా ముద్దయిపోవడం మీరూ చూసే ఉంటారు.

దీనికి తోడు మన తెలుగుతో ఇంకో చిక్కుంది. మనకు క్రియ వాక్యం చివర వస్తుంది. రమ్మన్నదీ వద్దన్నదీ చివర్లోనే తేలుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, గొంతు కిందికి దిగుతుంది. అంటే అసలు కబురు ఎక్కడుందో అక్కడే మన గొంతు సన్నగిల్లుతుంది. పొడుగాటి వాక్యం చదివితే ఈ ప్రమాదం తప్పదు.

అందుకని ఆ రోజు నుంచి నేను మైదానంలో "వెళ్ళకండి, తాగకండి, ముట్టుకోకండి" అనే మాటలు వాడటం మానేశాను. "వద్దు!" అంటాను. "వాగు దారి... వద్దు!" వద్దు అనే మాట వెళ్ళమనే మాటతో కలవదు. పసిపిల్లలకు కూడా తెలిసే మాట అది. పైగా దానితోపాటు చెయ్యి అడ్డంగా ఊపితే చెవి తప్పినా కన్ను పట్టుకుంటుంది.

అంకెలు కూడా అంతే. ఇరవై, అరవై దూరానికి ఒక్కలాగే వినపడతాయి. మూడు, ఏడు కూడా అంతే. ఆరు, నూరు సంగతి చెప్పక్కర్లేదు. అంకె చెప్పేటప్పుడు వేళ్లెత్తి చూపించండి, రెండుసార్లు చెప్పండి. ఇరవై అనేదాన్ని "ఇరవై... రెండు పదులు" అనండి. మన పెద్దవాళ్లు పశువుల సంతలో అలాగే చెప్పేవాళ్లు.

ఇక దూరం సంగతి. ఎంత దూరం పోతుంది మామూలు మనిషి గొంతు? దీని మీద పాతది, నాకు బాగా నచ్చిన ఒక కొలత ఉంది. జార్జ్ విట్‌ఫీల్డ్ అని ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ బోధకుడు. 1739లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వచ్చాడు. అక్కడ నడిబజారులో కోర్టు మెట్ల మీద నిలబడి బోధిస్తుంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ జనంలో చివర నిలబడ్డాడు. ఇతని గొంతు ఎంత దూరం వినపడుతుందో చూద్దామని నది వైపు ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ పోయాడు. ఫ్రంట్ స్ట్రీట్ అనే వీధి దగ్గరి దాకా స్పష్టంగా వినపడింది. అక్కడ ఆ వీధిలో చప్పుడు వల్ల మాట చెడింది. ఆ దూరాన్ని అర్ధవలయానికి కొలతగా తీసుకుని, మనిషికి రెండు చదరపు అడుగుల చోటు లెక్కేసి, ముప్పై వేలమందికి పైగా వినగలరని తేల్చాడు.

ఆ లెక్కను వెనక్కి తిప్పి చూస్తే అర్ధవలయం లోతు సుమారు రెండువందల అడుగులు వస్తుంది. కానీ నాకు ముఖ్యం అనిపించేది ఆ అంకె కాదు, మాట ఎక్కడ ఆగిందీ అన్నది. దూరం పెరిగి ఆగలేదు, పక్క వీధి చప్పుడు తగిలి ఆగింది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా గొంతు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. ఇది ఎవరి గొంతుకైనా అంతే. కానీ చివరి వరస దగ్గర ఒక మోటారు సైకిలు ఇంజను ఆపించారంటే అంతకంటే ఎక్కువే తిరిగి సంపాదించుకుంటారు. కాబట్టి నిలబడగానే నోరు తెరవకండి, ముందు చప్పుళ్లు వెతకండి. జనరేటరు, ఆటో, పంపుసెట్టు, ఏడ్చే పిల్లలున్న తల్లులు. తల్లుల్ని ముందు వరసలోకి పిలవండి, వాళ్లకి చోటివ్వండి. ఇంజన్లు ఆపించండి.

మన పనికి వంద అడుగులు పెట్టుకుందాం. వంద అడుగుల అర్ధవలయంలో, నేల మీద కూర్చున్న మనిషికి ఐదు చదరపు అడుగులు వేసుకున్నా, మూడు వేల మంది పడతారు. మీ ఊరు మొత్తం ఆ లోపలే సరిపోతుంది. సమస్య ఏమిటంటే జనం అర్ధవలయంగా కూర్చోరు. రోడ్డు పొడుగునా తోకలా నిలబడతారు. తోక చివర మూడువందల అడుగుల్లో ఉంటుంది. గొంతుతో దాన్ని గెలవలేరు, జనాన్ని మడిచి గెలవాలి. "రెండు పక్కలా రండి, దగ్గరికి రండి" అని చేతులతో దండలా చూపిస్తే జనం మడుచుకుని దగ్గరికొస్తారు.

ఎక్కడ నిలబడాలో కూడా రెండు మూడు మాటల్లో చెప్పేస్తాను. గాలి మీ వీపు వైపు నుంచి జనం వైపు వీచాలి. ఎదురుగాలిలో మాట పైకి లేచిపోతుంది, ఎంత అరిచినా లాభం లేదు. గుప్పెడు మట్టి వదిలి చూస్తే గాలి ఎటుందో తెలిసిపోతుంది. వీపు వెనక నాలుగైదు అడుగుల్లో బడి గోడో అరుగు గోడో ఉంటే మంచిది, అది మీ గొంతుకు బలమిస్తుంది. అదే గోడ ఎదురుగా దూరాన ఉంటే చెడుపు. ఒక చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు విడిగా తిరిగొస్తే స్థలం మార్చండి, లేకపోతే మీ మాట మీదే మీ మాట పడుతుంది. ఎత్తు మీద నిలబడండి, లేకపోతే ముందు వరసలోని మనుషులే శబ్దాన్ని మింగేస్తారు. బండి, అరుగు, బల్ల, ఏదైనా చాలు. ఎండ జనం కళ్లలో పడకూడదు, వాళ్లు మీ పెదవుల్ని చూడాలి. మిట్టమధ్యాహ్నం నేల వేడెక్కి మాటను పైకి లాగేస్తుంది, పొద్దుగూకాక అదే మాట దూరం పోతుంది. మీకు వేళ ఎంచుకునే వీలుంటే సాయంత్రం ఎంచుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పిలుపు.

మీరు పొలాల్లో విని ఉంటారు. చెరువు అవతల గట్టున ఉన్నవాడిని పిలవాలి. ఎలా పిలుస్తారు? "సుబ్బయ్య గారూ, ఒకసారి ఇటు రాగలరా" అని ఎవరూ పిలవరు. "ఓ... సుబ్బయ్యో...!" అంటారు. అంతే. ముందు ఓ, చివర ఓ. రెండూ నోరు గుండ్రంగా తెరిచే అచ్చులు. చివరి అచ్చు సాగుతుంది, కొంచెం పైకి లేస్తుంది. అది ఆగాక, అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఇంకేం మాట్లాడరు. మనకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు, భాషలోనే ఉంది. మనది మాటలు అచ్చుతో ముగిసే భాష. ఏ మాట చివరైనా పట్టుకుని సాగదీయొచ్చు. హల్లుతో ముగిసే భాషల వాళ్లకు ఈ సౌకర్యం లేదు.

కానీ ఏ అచ్చు అనేది చూసుకోవాలి. ఇ, ఉ సన్నటివి. నోరు మూసుకుపోతుంది, దూరం పోవు. "హైస్కూలుకి" అంటే చివరి "కి" వెనక వరసకు అందదు. "హైస్కూలుకే...!" అనండి. "ఈ రాత్రికి" అనకండి, "ఈ రాత్రికే...!" అనండి. ఆ "ఏ" వల్ల అర్థం కూడా గట్టిపడుతుంది, గొంతు కూడా తెరుచుకుంటుంది. ఈ సూచన వాక్యంలోనే ఉండాలి, మీ జ్ఞాపకం మీద వదలకూడదు. తుఫాను వేళ, జనం మొహాల్లో భయం చూస్తూ, "ఇక్కడ గొంతెత్తాలి" అని ఎవరికీ గుర్తుండదు. ఎత్తక తప్పని మాటనే కాగితం మీద రాసుకోవాలి.

పాత దండోరా కూడా సరిగ్గా ఇదే చేసింది. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా..." మనం దాన్ని వింటే నవ్వుకుంటాం, ఇంత పొడుగెందుకని. ఆ వాక్యంలో కబురు ఒక్కటీ లేదు. అందుకే అది అక్కడుంది. టముకు కొడితే తలలు తిరుగుతాయి. తల తిరిగాక చెవి కుదురుకోడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. ఆ నాలుగైదు సెకన్లలో కబురు చెప్పేస్తే సగంమందికి మొదటి ముక్క పోతుంది. దండోరా వేసే మనిషి ఆ సమయాన్ని కబురు లేని మాటలతో నింపాడు. చివర "ఏమనగా" దగ్గర సాగదీసి ఆగాడు. అప్పటికి వీధంతా నిశ్శబ్దం. ఆ తర్వాతే అసలు సంగతి. మీకు ఎవరైనా "సూటిగా విషయానికి రండి" అంటే వినకండి. గదిలో అది మంచి సలహా. మైదానంలో మొదటి మాట పారేసుకోవడానికే ఉండాలి.

బుర్రకథ వినే ఉంటారు. నాజర్ గారి పేరు తెలుసు కదా, గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి, పద్మశ్రీ అందుకున్నాయన. ఆ కథలు పల్లెల్లో వేలమంది మధ్య జరిగేవి. కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు. కథకుడు ఒక చరణం చెబుతాడు, వంతలు "తందాన తాన" అందుకుంటారు. చూసేవాళ్లకు అది ఆటలో భాగం. కథకుడికి మాత్రం అది ఊపిరి తీసుకునే చోటు. వినేవాడికి విన్న చరణాన్ని మనసులో సర్దుకునే చోటు. గుమ్మెట చప్పుడు, వంతల గొంతు రెండూ కలిసి, అటూ ఇటూ పోతున్న చెవుల్ని మళ్లీ ముందుకు తెస్తాయి. ఊపిరి, ఆగడం, వంత, ఈ మూడూ కథ అల్లికలోనే ఉన్నాయి. మనం కబురును కూడా ఇలాగే అల్లాలి.

సరే, చేసి చూద్దాం. మీకు సాధారణంగా వచ్చే కాగితం ఇలా ఉంటుంది, చదువుతాను.

"ఈ రాత్రికి తుఫాను తీవ్రత పెరిగే అవకాశం ఉన్నందున లోతట్టు ప్రాంతాల్లో నివసిస్తున్న ప్రజలందరూ తమ విలువైన పత్రాలు, మందులు, తాగునీరు తీసుకుని సాయంత్రం ఐదు గంటలలోపు ఉన్నత పాఠశాలలోని పునరావాస కేంద్రానికి చేరుకోవలసిందిగానూ, పశువులను కట్లు విప్పి వదలవలసిందిగానూ, వాగు వైపు వెళ్లరాదనీ తెలియజేయడమైనది."

ఒక్క వాక్యం. ఒక్క ఊపిరిలో చదవలేం. ఎవరికి చెప్పారో మొదట తెలియదు, ఏం చేయమన్నారో చివర్లో తెలుస్తుంది. ఇక్కడ నిలబడి చదివితే వెనక చెట్టు కిందివాళ్లకు "తుఫాను" ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు దీన్నే విరుద్దాం. ఒక్కో పంక్తి ఒక్కో ఊపిరి. పంక్తికి రెండు మూడు మాటలు, నాలుగు దాటొద్దు.

ఓ... అమ్మలారో...! అయ్యలారో...!
(ఆగు. వెనక వరస వైపు చూడు.)
తుఫాను... వస్తోంది!
ఎప్పుడు? ఈ రాత్రికే...!
అందరూ... బయల్దేరాలా...!
ఎక్కడికి? హైస్కూలుకే...!
(జనాన్ని అడుగు.) ఎక్కడికి?
ఎప్పటికి? ఐదింటికే...! (చెయ్యెత్తి ఐదు వేళ్లు.)
ఏం తేవాలా?
కాగితాలూ... మందులూ... నీళ్లూ...!
గొడ్లో? కట్లు విప్పాలా... వదిలేయాలా...!
వాగు దారి... వద్దు! (చెయ్యి అడ్డంగా.) వద్దు!

చూశారా, చాలాచోట్ల క్రియలే లేవు. ఉన్నచోట "బయల్దేరాలా" అని చివర "ఆ" వచ్చేలా రాసుకున్నాను, మా నెల్లూరు యాసలో అది ఎలాగూ ఉంది. మీ యాసలో "బయల్దేరాలె" అయితే "ఏ" సాగదీయండి, అదీ మంచి అచ్చే. ప్రశ్న ఎందుకు పెట్టానంటే, "ఎక్కడికి?" అనగానే వినేవాడి చెవి జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఆ జవాబులో సగం అక్షరాలు గాలికి పోయినా మిగతా సగంతో పట్టుకుంటాడు. ఏ సంగతి వస్తుందో ముందే తెలిసినవాడికి మాట సులువుగా వినపడుతుంది.

పంక్తి పంక్తికి మధ్య ఎంతసేపు ఆగాలి? కాలి వేలు నేలకు రెండుసార్లు తాకించేంతసేపు, సుమారుగా ఒకటిన్నర సెకన్లు. మొదటిసారి చేసేవాళ్లకు అది యుగంలా ఉంటుంది. వెంటనే తర్వాతి పంక్తి అందుకుంటారు. అలా అందుకుంటే ముందు పంక్తి తోక మీద తర్వాతి పంక్తి తల పడుతుంది. చదివే కాగితం సుమారు ఇరవై సెకన్లు, విరిచింది నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషాన్ని ధైర్యంగా తీసుకోండి. రెండోసారి కూడా మొత్తం చెప్పండి. అన్నీ ఒకేసారి వినేవాళ్లు జనంలో ఎవరూ ఉండరు.

కాగితం మీద గుర్తులు మీరే పెట్టుకోండి. నేను సాగదీసే అచ్చు కింద గీత గీస్తాను, ఆగేచోట నిలువు గీత, జనం అందుకోవాల్సిన చోట చుక్క. అక్షరాలు పెద్దగా రాస్తాను, వాన తుంపర పడితే కరగకుండా బాల్‌పాయింట్ పెన్నుతోనే.

జనం వంద అడుగులు దాటితే ఏం చేయాలి? ఒక్క గొంతు చాలదు. 2011లో న్యూయార్కులో జుకోటీ పార్కులో నిరసనకారులు చేసింది చూడండి. అక్కడ లౌడ్‌స్పీకరుకు అనుమతి కావాలి, వాళ్లకు లేదు. మాట్లాడేవాడు "మైక్ చెక్!" అంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు "మైక్ చెక్!" అని గట్టిగా తిరిగి అంటారు. ఆ తర్వాత అతను నాలుగైదు మాటలు చెప్పి ఆగుతాడు, దగ్గరివాళ్లు అందరూ కలిసి ఆ నాలుగైదు మాటలే తిరిగి చెబుతారు. జనం మరీ పెద్దదైతే వాళ్ల వెనకవాళ్లు మళ్లీ చెబుతారు. అచ్చం మన వంతలే. మీరూ అలాగే మీ బృందంలో ఇద్దరిని యాభై అడుగుల దగ్గర, ఇద్దరిని తొంభై అడుగుల దగ్గర నిలబెట్టండి. మొహం వెనక్కి, అంటే దూరం ఉన్నవాళ్ల వైపు తిప్పి చెప్పాలి. మనిషి గొంతు ముందుకే పోతుంది, వీపు వైపు హల్లులు పోవు.

వంతలో ఒక ప్రమాదం ఉంది. పంక్తి పొడుగైతే వంత చెప్పేవాడు తన మాటల్లో చెబుతాడు. "ఐదింటికే" అన్నది మూడో వంతకు వచ్చేసరికి "సాయంత్రానికి" అవుతుంది. వంత చెప్పేవాడికి ఒకే నియమం. విన్నది విన్నట్టే చెప్పు, వినపడకపోతే చెయ్యెత్తు, ఊహించి చెప్పొద్దు. ఇక చివరి వరస దగ్గర మీ మనిషి ఒకడు ఉండాలి. చివరి మాట అందిందా లేదా అన్నది చేతితో చెప్పాలి. రెండు చేతులు పైకి అంటే అందింది. ఒక చెయ్యి చెవి దగ్గర అంటే మళ్లీ చెప్పు. "వినపడుతోందా?" అని మీరు జనాన్ని అడిగితే వినపడనివాళ్లు జవాబు చెప్పరు, వినపడినవాళ్లే "ఆఁ" అంటారు. "ఎప్పటికి?" అని అడగండి. వెనక నుంచి "ఐదింటికి!" అని రావాలి. అదే నిజమైన పరీక్ష.

గొంతు గురించి చెబుతానన్నాను. తమ్ముడూ, నువ్వు లే. ఇలా రా. భుజాలు ఎత్తి ఊపిరి పీలుస్తున్నావు చూడు. చేతులు నడుం పక్కన, కింది పక్కటెముకల మీద పెట్టుకో. ఊపిరి అక్కడ నిండాలి, చేతులు పక్కలకి జరగాలి. ఇప్పుడు పెదవులు మూసి "మ్..." అను. ముక్కు పక్కల, పెదవుల దగ్గర జలదరింపు తెలుస్తోందా? ఆ జలదరింపు పోకుండా నోరు తెరువు. "మ్... ఓ... సుబ్బయ్యో...!" అదిగో. ఇందాక నీ మెడ నరాలు ఉబ్బాయి, ఇప్పుడు ఉబ్బలేదు, కానీ మాట చెట్టు దాకా పోయింది. వెనకవాళ్లు తల ఊపుతున్నారు చూడు.

కేకకూ పిలుపుకూ తేడా ఇదే. కేకలో గొంతు బిగుసుకుంటుంది, స్వరం మనకు తెలియకుండా పైపైకి పోతుంది, గొంతులో గరగర మొదలవుతుంది, దగ్గు వస్తుంది. ఆ గరగర రాగానే ఆగి వంత చెప్పేవాడిని ముందుకు పిలవండి, మీరు నీళ్లు తాగండి. గొంతు పోయాక గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, గుసగుసలోనూ గొంతు బిగుస్తుంది. అసలు మాట్లాడకుండా ఉండటమే మందు. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోండి. ఆడపిల్లలకు ఒక మాట. మగవాళ్ల గొంతే దూరం పోతుందని మీకు చెప్పి ఉంటారు. మా బృందంలో పిలుపు ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్లు. కొంచెం పై శ్రుతిలో ఉన్న గొంతు ఇంజన్ల హోరు, గాలి హోరు కంటే పైన ఉంటుంది, వాటిలో కలిసిపోదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. తుఫాను గాలి నిజంగా మొదలయ్యాక ఈ విద్య ఏదీ పనిచేయదు. గాలి హోరులో పది అడుగులు కూడా మాట పోదు. అప్పుడు ఇంటింటికీ పోవాలి, తలుపు కొట్టాలి, చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. మైదానంలో పిలుపు గాలి లేచేముందే చేయాల్సిన పని. అలాగే ఎంత బాగా విరిచినా మైదానంలో ఐదారు సంగతులకు మించి పట్టవు. పరిహారం లెక్కలు, దరఖాస్తులు, పేర్ల జాబితాలు, ఇవి నోటితో చెప్పొద్దు. "జాబితా... పంచాయతీ ఆఫీసులోనే...!" అని ఒక్క పంక్తి చెప్పి కాగితం అతికించండి.

ఇప్పుడు అందరూ లేవండి. ఇద్దరు ఇద్దరుగా విడిపోండి. ఇందాక చదివిన కాగితం మీకు ఇస్తాం, నేను విరిచినట్టే విరవక్కర్లేదు, మీ ఊరి యాసలో మీరు విరవండి. ఒకరు ఈ అరుగు మీద, ఇంకొకరు ఆ గేటు దగ్గర. గేటు దగ్గర ఉన్నవాళ్లు విన్నదే కాగితం మీద రాయాలి, వినపడని చోట ఖాళీ వదలాలి. ఊహించి నింపొద్దు. మొదట మీరే రామ్మా, నీలం చున్నీ అమ్మాయీ. గేటు దగ్గర తమ్ముడు రెడీనా? చెయ్యెత్తు. ఊఁ, పిలువు.